కాయిన్ మార్కెట్ క్యాప్ నిలకడగానే ఉంది, ధర మాత్రం ఎందుకు పడుతోంది?

సమస్య: చెడ్డ వార్త లేదు, మార్కెట్ క్యాప్ పెద్దగా తగ్గలేదు. అయినా మీ కాయిన్ ధర నెలనెలా దిగుతోంది.

కారణం: చలామణిలోకి కొత్త టోకెన్లు వస్తున్నాయి. ముందుగా ఈ రెండు లెక్కలు వేయండి. FDV అంటే టోకెన్లన్నీ బయటికొచ్చాయనుకుంటే ఇప్పటి ధర ప్రకారం వాటి మొత్తం విలువ:

```
Market Cap = Price × Circulating Supply
FDV = Price × Max Supply
```

ఆర్బిట్రమ్ అనే బ్లాక్‌చెయిన్ ప్రాజెక్టు టోకెన్ ARB సంగతే తీసుకుందాం. 2023 మార్చిలో వాడేవాళ్లకు టోకెన్లను ఉచితంగా పంచుతూ ఎయిర్‌డ్రాప్ ఇచ్చినప్పుడు మొత్తం 1000 కోట్ల టోకెన్లలో బయటికొచ్చినవి సుమారు 127.5 కోట్లే. టీమ్, ఇన్వెస్టర్ల వాటాకు ఏడాది తాళం. ఆ తాళం 2024 మార్చి 16న తీశారు, ఒక్కరోజే సుమారు 111 కోట్ల టోకెన్లు విడుదలయ్యాయి. ఆ తర్వాత మూడేళ్లపాటు నెలకు సుమారు 9.26 కోట్లు వచ్చేలా షెడ్యూల్ పెట్టారు.

ధర 2 డాలర్లు అనుకుంటే 127.5 కోట్ల టోకెన్ల మార్కెట్ క్యాప్ 255 కోట్ల డాలర్లు, FDV మాత్రం 2000 కోట్ల డాలర్లు. ఇప్పుడు 111 కోట్లు కలిస్తే చలామణి 238.5 కోట్లకు చేరుతుంది. కొనేవాళ్ల డబ్బు పెరగక మార్కెట్ క్యాప్ అక్కడే ఆగితే, ఒక్కో టోకెన్‌కు దక్కేది 1.07 డాలర్లు. మార్కెట్ క్యాప్ చెక్కుచెదరలేదు, మీ పెట్టుబడి మాత్రం దాదాపు సగమైంది.

పరిష్కారం: కొనే ముందు మార్కెట్ క్యాప్‌ను FDVతో భాగించండి. పై ఉదాహరణలో 0.13 వస్తుంది, అంటే ఎనిమిదింట ఏడు వంతుల టోకెన్లు ఇంకా రావాల్సి ఉన్నాయి. ఈ నిష్పత్తి తక్కువగా ఉన్నంత మాత్రాన కాయిన్ చెడ్డది కాదు. మిగతావి ఎప్పుడు, ఎవరి చేతికి వస్తాయన్నదే అసలు ప్రశ్న. అది ప్రాజెక్టు డాక్యుమెంట్లలోని షెడ్యూల్‌లో ఉంటుంది, DefiLlama సైట్‌లోని Unlocks పేజీలోనూ చూడొచ్చు.

ఇలా తాళం తీసి టోకెన్లు వదలడమే అన్‌లాక్. దాన్ని మొత్తం సప్లైతో పోల్చితే మోసపోతారు. ఆ 111 కోట్లు మొత్తంలో 11 శాతమే, చలామణితో పోలిస్తే 87 శాతం! ఆపైన వాటి విలువను కాయిన్ రోజువారీ ట్రేడింగ్ వాల్యూమ్‌తో పోల్చండి. రోజుకు 3 కోట్ల డాలర్ల వ్యాపారం జరిగే కాయిన్‌లో 30 కోట్ల డాలర్ల టోకెన్లు విడుదలైతే, పది రోజుల వాల్యూమ్ ఒకేసారి అమ్మకానికి సిద్ధమైనట్టు.

"అన్‌లాక్ రోజున ధర పడలేదే?" తేదీ అందరికీ ముందే తెలుసు కాబట్టి ధర పడుతుందని పందెం కాసి షార్ట్ చేసేవాళ్లు వారాల ముందే మొదలుపెడతారు. అందుకే ఆ రోజు వాళ్లు తిరిగి కొనడంతో ధర కాస్త లేచినా ఆశ్చర్యం లేదు. పైగా వచ్చినవన్నీ అమ్మకానికి రావు. చవగ్గా కొన్న ఇన్వెస్టర్లకు అమ్మాలన్న తొందర ఎక్కువ, ప్రాజెక్టు తన నిధిగా పెట్టుకున్న ట్రెజరీ వాటా మాత్రం ఏళ్ల తరబడి కదలకపోవచ్చు.

"రెండు సైట్లలో రెండు అంకెలు": ఒకరు ట్రెజరీని చలామణిలో కలుపుతారు, మరొకరు కలపరు. ఏదో ఒక సైట్‌నే పట్టుకుని, నెలనెలా అక్కడి Circulating Supply రాసిపెట్టుకోండి.