72 సూత్రం ఎంతవరకు నిజం? లాగ్‌తో సరిచూసుకోవడం ఎలా?

చక్రవడ్డీ మీద పెట్టిన సొమ్ము ఎన్నేళ్లకు రెట్టింపవుతుందో చెప్పడానికి చాలామంది 72ని వడ్డీ శాతంతో భాగిస్తారు. 8 శాతమైతే 9 ఏళ్లు, 6 శాతమైతే 12 ఏళ్లు. నోటిలెక్కకు ఇంతకంటే సులువైనది దొరకదు. కానీ ఈ సూత్రం అన్ని వడ్డీ రేట్ల దగ్గరా ఒకేలా నమ్మదగినది కాదు. ఎక్కడ సరిగ్గా పలుకుతుంది, ఎక్కడ తప్పుతుంది, తప్పినచోట ఎలా సరిదిద్దాలి అన్నది లాగరిథమ్‌తో పోల్చి చూస్తేనే తెలుస్తుంది. ఏడాదికి 20 శాతం చక్రవడ్డీని ఉదాహరణగా తీసుకుందాం. 72 సూత్రం బాగా తడబడే చోట్లలో అదొకటి.

1. ముందుగా అసలు జవాబు కట్టండి

సొమ్ము ఏటా 1.2 రెట్లవుతుంది. అంటే 1.2ని ఎన్నిసార్లు గుణిస్తే 2 వస్తుందన్నదే మన ప్రశ్న. ఆ 'ఎన్నిసార్లు'ని బయటికి తీసేదే లాగ్.

```
T = log(2) / log(1 + r)
```

ఇక్కడ r అంటే వడ్డీ శాతాన్ని 100తో భాగించగా వచ్చేది. 20 శాతానికి 0.2. లాగ్ పట్టికలో log 2 విలువ 0.3010, log 1.2 విలువ 0.0792. భాగిస్తే 3.80 ఏళ్లు. స్ప్రెడ్‌షీట్‌లో అయితే ఒక్క గడి చాలు:

```
=LN(2)/LN(1.2)
```

పైన log, కింద log వాడినా, రెండుచోట్లా ln వాడినా జవాబు మారదు. పైన ఒకటి, కింద ఇంకొకటి నొక్కితే మాత్రం లెక్క పాడవుతుంది. ln 2ని log 1.2తో భాగిస్తే 8.75 ఏళ్లని వస్తుంది. చూడ్డానికి మామూలు అంకెలాగే ఉంటుంది కాబట్టి అనుమానం కూడా రాదు. అందుకే వచ్చిన జవాబును తిరగేసి చూసుకోవాలి. 1.2ని 3.8 ఘాతానికి హెచ్చిస్తే 1.999 వస్తోంది, కాబట్టి లెక్క సరైనదే. log(0.2) కట్టడం ఇంకో మామూలు పొరపాటు. అలా చేస్తే జవాబు రుణసంఖ్య అవుతుంది కాబట్టి వెంటనే పట్టుబడుతుంది.

2. 72 సూత్రం ఏం చెబుతుందో పక్కన పెట్టండి

72ని 20తో భాగిస్తే 3.6 ఏళ్లు. అసలు జవాబు 3.80. తేడా సుమారు రెండున్నర నెలలు, శాతంలో చూస్తే 5కి కొంచెం పైన. 3.6 ఏళ్లకు 100 నిజంగా ఎంతవుతుందో చూస్తే 192.8 మాత్రమే. రెట్టింపుకు ఇంకా ఏడు తక్కువ.

ఇదే పోలికను వేరే రేట్ల దగ్గర చూడండి:

| వడ్డీ శాతం | 72 సూత్రం (ఏళ్లు) | లాగ్ లెక్క (ఏళ్లు) |
|---|---|---|
| 2 | 36 | 35.00 |
| 5 | 14.4 | 14.21 |
| 8 | 9 | 9.01 |
| 12 | 6 | 6.12 |
| 20 | 3.6 | 3.80 |
| 36 | 2 | 2.25 |

8 శాతం దగ్గర ఉన్న తేడా రెండు మూడు రోజులకు మించదు. 9 ఏళ్లకు 100 కాస్తా 199.9 అవుతుంది, అంతకన్నా కచ్చితం ఎవరికి కావాలి! అక్కడి నుంచి కిందికి దిగేకొద్దీ సూత్రం అసలు కంటే ఎక్కువ కాలం చెబుతుంది. పైకి వెళ్లేకొద్దీ తక్కువ కాలం చెబుతుంది. రెండూ సరిగ్గా కలిసే చోటు దాదాపు 7.85 శాతం. తప్పు ఏ వైపు ఉంటుందో గుర్తుంచుకోవడం ముఖ్యం. 20 శాతంతో పెరిగే పెట్టుబడి మీద ఆశలు పెట్టుకున్నవారికి ఈ సూత్రం డబ్బు తొందరగా చేతికొస్తుందని చెబుతుంది.

3. తేడా ఎందుకొస్తుందో ఒకసారి చూడండి

2కి సహజ లాగ్ 0.693. చిన్న రేట్ల దగ్గర ln(1 + r) విలువ దాదాపు r అంతే ఉంటుంది. ఎప్పుడూ సరిగ్గా r అంతే ఉండుంటే, అన్ని రేట్లకూ 69.3ని భాగిస్తే సరిపోయేది. కానీ అది r కంటే కొంచెం తక్కువ, పైగా రేటు పెరిగేకొద్దీ ఆ తరుగు పెరుగుతుంది. 0.2 బదులు ln(1.2) ఇచ్చేది 0.1823. భాగించే అంకె అలా చిన్నదైతే కాలం పెరుగుతుంది. ఆ పెరుగుదలను పైనున్న అంకెలోకి చేరిస్తే 8 శాతానికి 72, 20 శాతానికి 76 కావాలి. అంటే 72 ఎప్పటికీ మారని అంకె కాదు, 8 శాతం చుట్టుపక్కలకు తగిన అంకె. 2, 3, 4, 6, 8, 9, 12 అన్నిటితోనూ నిశ్శేషంగా భాగింపబడటం వల్ల కూడా అది నిలిచిపోయింది.

1494లో వెనిస్‌లో అచ్చయిన లూకా పాచోలి గణిత గ్రంథంలోనే ఈ 72 ఉంది. ఎలా వచ్చిందో ఆయన వివరించలేదు. నేపియర్ తన లాగరిథమ్‌లను ప్రకటించింది 1614లో. అసలు జవాబు చెప్పే సాధనం చేతికి రాకముందే ఇంత దగ్గరి అంకె వాడుకలో ఉండటం నాకు ఇప్పటికీ అబ్బురంగానే అనిపిస్తుంది.

4. 72ని రేటుకు తగ్గట్టు సర్దండి

లాగ్ అందుబాటులో లేనప్పుడు పనికొచ్చే దిద్దుబాటు ఇది: 8 నుంచి పైకి ప్రతి 3 శాతానికీ 72కి ఒకటి కలపండి, కిందికి ప్రతి 3 శాతానికీ ఒకటి తీసేయండి.

20 శాతం 8 కంటే 12 ఎక్కువ, అందులో మూళ్లు నాలుగు. 72 కాస్తా 76 అయింది. 76ని 20తో భాగిస్తే 3.8, లాగ్ చెప్పిందీ అదే. 2 శాతం 8 కంటే 6 తక్కువ, కాబట్టి 70. సగం చేస్తే 35, అదీ సరిపోయింది. 50 శాతం దగ్గర కూడా ఇది 1.72 అంటుంది, అసలు 1.71. 100 శాతానికి 1.03 ఏళ్లని చెబుతుంది కానీ, అక్కడ ఏడాదికే రెట్టింపవుతుందని తెలియడానికి సూత్రమే అక్కర్లేదు.

5. వడ్డీ ఎప్పుడెప్పుడు కలుస్తుందో చూసుకోండి

పై లెక్కలన్నీ ఏడాదికోసారి వడ్డీ అసలులో కలిసే పద్ధతికి. నెలనెలా కలిసేటట్లయితే ఏడాది రేటును సూత్రంలో పెట్టకూడదు. 12 శాతాన్ని నెలకు 1 శాతంగా మార్చి, కాలాన్ని నెలల్లో లెక్కపెట్టాలి. అప్పుడు 1 శాతానికి సర్దిన అంకె 72 లోంచి 7/3 తీసేస్తే 69.67, అంటే 69.67 నెలలు. లాగ్‌తో కడితే 69.66. ఏళ్లలో సుమారు 5.8. సర్దకుండా 72నే వాడితే 72 నెలలు, పూర్తిగా 6 ఏళ్లు అనుకుంటాం.

ఏడాది చివర మాత్రమే వడ్డీ జమయ్యేచోట 3.8 ఏళ్లన్న జవాబును ఇంకోలా చదవాలి. మూడేళ్లు నిండేసరికి 100 విలువ 172.8. నాలుగో ఏడాది ముగిసేదాకా ఖాతాలో ఆ అంకె కదలదు, ముగిశాక ఒక్కసారిగా 207.36 అవుతుంది. కాబట్టి అక్కడ లాగ్ ఇచ్చిన జవాబును పై పూర్ణసంఖ్యకు పెంచి, నాలుగేళ్లని రాసుకోవాలి.