ఒకే క్లాసులో ఇద్దరం: భిన్నాల పాఠం ఎలా గాడిన పడింది

36 మంది పిల్లలు, 45 నిమిషాల పీరియడ్, ఇద్దరు టీచర్లం. భిన్నాల పాఠానికి మూడు స్టేషన్లు పెట్టాం, పిల్లలు గుంపులుగా ఒకదాని నుంచి ఇంకోదానికి మారుతూ వెళ్లేలా: నా దగ్గర భిన్నం అంటే ఏమిటో, తోటి టీచర్ దగ్గర పోల్చడం, మూడోది సొంతంగా చేసే లెక్కలు. మొదటి రోజే దెబ్బతిన్నాం. పోల్చడంతో మొదలుపెట్టిన గుంపుకి అసలు విషయమే తెలియదు. సొంత లెక్కల దగ్గరి పిల్లలు ప్రతి రెండు నిమిషాలకీ నా దగ్గరికి వచ్చేవాళ్లు.

తప్పు వరుసలో ఉంది. స్టేషన్లు ఏది ముందు చేసినా నడవాలి. మావి ఒకదాని మీద ఒకటి ఆధారపడ్డాయి.

అందుకే మొదటి 15 నిమిషాలు చెరో 18 మందికి ఒకే పాఠం సమాంతరంగా చెప్పాం. గొంతులు కలవకుండా గది చెరో మూలకి చేరాం. తర్వాత రెండు నిమిషాల చీటీ: 1/3, 1/4లో ఏది పెద్దది, ఎందుకు? ఏడుగురు 1/4 అని రాశారు, నాలుగు మూడుకన్నా పెద్దది కదా అని.

ఆ ఏడుగురూ ముందు తోటి టీచర్ బల్ల దగ్గరికే వెళ్లారు. ఒకే పొడవున్న రెండు కాగితపు పట్టీలు. ఒకదాన్ని మూడుగా, ఇంకొకదాన్ని నాలుగుగా మడిచి, ఒక్కో ముక్కని పక్కపక్కన పెట్టిన పాప, "ఎక్కువ ముక్కలైతే చిన్నవైపోతాయి టీచర్!" అంది.

స్టేషన్‌కి 8 నిమిషాలు, మారడానికి 2. సొంత లెక్కల్లో ఇప్పుడు పాత పాఠమే ఇస్తున్నాం. సాయం గుంపుని మాత్రం ప్రతిసారీ కొత్త చీటీ చూసే వేస్తాం. లేకపోతే ఆ ఏడుగురికే ముద్ర పడిపోతుంది.