ఫ్లీస్ జాకెట్ ఉండలు కట్టింది, గట్టిపడింది, చలి ఆపట్లేదు: సమస్య - పరిష్కారం

జాకెట్ పాడైందని తేల్చేముందు దాన్ని వెలుతురులో పరిచి, ఉండలు ఎక్కడ ఉన్నాయో చూడండి. అర నిమిషం పని. చాలామంది ఇది చూడకుండానే గీకడానికి బ్లేడు తీస్తారు.

చంకల కింద, మోచేతుల దగ్గర, బ్యాగు పట్టీ ఆనే భుజం మీద మాత్రమే ఉంటే అది వాడకంలో రాపిడి. ముందూ వెనకా ఒకే తీరుగా ఉంటే ఉతికే పద్ధతిలో తప్పుంది. ఉండల్లో తెల్ల నూలు, నీలం నూలు కలిసి కనిపిస్తే టవళ్లతో, జీన్స్‌తో కలిపి వాషింగ్ మెషీన్లో వేశారన్నట్టు. ఉండలు అసలు లేకుండానే బొచ్చు గుత్తులు గుత్తులుగా అంటుకుపోయి, చేతికి జిగటగానో గరుకుగానో తగిలితే సంగతి వేరు. దాని గురించి కింద తీరిగ్గా చెప్పుకోవాలి, ఎందుకంటే మన దిక్కు ఎక్కువ జాకెట్లను పాడుచేసేది అదే.

ముందు వెచ్చదనం ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలి. ఫ్లీస్ అంటే నీళ్ల బాటిల్ చేసే ప్లాస్టిక్‌నే సన్నటి పోగులుగా లాగి అల్లిన బట్ట. అల్లాక తీగ బ్రష్షులతో గీరి పోగులను పైకి లేపుతారు, ఆ తర్వాత సమంగా కత్తిరిస్తారు. అలా లేచిన బొచ్చు మధ్య గాలి కదలకుండా నిలుస్తుంది. ఒంటి వేడిని బయటికి పోనీయకుండా ఆపేది ఆ గాలే. బొచ్చు నిలబడి ఉన్నంతవరకే వెచ్చదనం, పడిపోతే అది మామూలు పాలిస్టర్ షర్టు. ఇంకో మాట: బొచ్చు బయటి గాలిని ఆపలేదు. పొద్దుగాల బండి మీద పోతుంటే చలి కొడుతోందంటే జాకెట్ పాడైనట్టు కాదు, పైన గాలి దూరని పల్చటి కోటు ఒకటి వేసుకోవాలి.

ఉండలు కట్టడం కూడా ఆ బొచ్చు వల్లే. లేచిన పోగుల కొసలు రాపిడికి ఒకదానికొకటి చుట్టుకుంటాయి. నూలు బట్టకు కూడా ఉండలు వస్తాయి కానీ నూలు పోగు బలహీనం కాబట్టి ఉండ కొన్నాళ్లకు తెగి రాలిపోతుంది. పాలిస్టర్ పోగు తెగదు, ఉండను పట్టుకునే ఉంటుంది. అందుకే వేళ్లతో పీకవద్దు. ఒక ఉండ పీకితే దాని వెనక ఇంకో నాలుగు పోగులు బయటికొచ్చి మరో ఉండకు దారి చేస్తాయి. జాకెట్‌ను బల్ల మీద బిగువుగా పరిచి, ఉండలు కోసే చిన్న మెషీన్‌ను ఒత్తకుండా పైపైన తిప్పితే చాలు. అది లేకపోతే చిన్న కత్తెర. ఉతికే పద్ధతి మార్చకుండా ఉండలు మాత్రమే కోస్తే కొన్నాళ్లకే మళ్లీ వస్తాయి.

ఇక అసలు దొంగ. బోరు నీళ్లు, సబ్బు బిళ్ల, ఈ రెండూ కలిస్తే వచ్చే తెట్టు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ఊళ్లల్లో చాలాచోట్ల బోరు నీళ్లల్లో సున్నపు లవణాలు ఎక్కువ. బకెట్ అంచున తెల్లటి గీత, గీజర్ రాడ్డు మీద పొర కడుతున్నాయంటే మీ నీళ్లూ అలాంటివే. అనుమానముంటే పారదర్శకమైన సీసాలో సగం వరకు ఆ నీళ్లు పోసి, ఒంటి సబ్బు చిన్న ముక్క వేసి గట్టిగా ఊపండి. నురుగు తక్కువగా వచ్చి, తెల్లటి విరుగుడు లాంటిది తేలితే అదే తెట్టు. సబ్బు నీళ్లల్లోని కాల్షియంతో కలిసి, నీళ్లల్లో కరగని పదార్థమైంది. చొక్కా మీద పడినా పెద్దగా తెలియదు. ఫ్లీస్ బొచ్చు మాత్రం దువ్వెనలా దాన్ని పట్టేస్తుంది. ఆరాక పోగులు తడిసిన పిల్లి వెంట్రుకల్లా కలిసిపోతాయి.

ఇక్కడే జనం మోసపోతారు. గట్టిపడింది కదా అని ఇంకాస్త సబ్బు రుద్దుతారు, తెట్టు పెరుగుతుంది. మెత్తబడాలని బట్టలకు వాసనొచ్చే కండిషనర్ పోస్తారు. అది పోగుల మీద జిడ్డు పొర వేస్తుంది, రెండు రోజులు మెత్తగా అనిపించి ఆ తర్వాత బొచ్చు ఇంకా అణిగిపోతుంది. చివరికి బండ మీద బ్రష్‌తో రుద్దుతారు. అప్పటిదాకా లేని ఉండలు అప్పుడు మొదలవుతాయి.

తెట్టేనా కాదా అని తేల్చడానికి జాకెట్ లోపలివైపు అరచేతి అంత చోటు చాలు. గ్లాసు గోరువెచ్చటి నీళ్లల్లో పావు చెంచా నిమ్మ ఉప్పు కరిగించి ఆ చోట తడిపి, పావుగంట ఆగి, చుక్క లిక్విడ్ డిటర్జెంట్‌తో కడిగి ఆరనివ్వండి. పక్క చోటుకన్నా బొచ్చు విడివిడిగా లేస్తే దొంగ దొరికినట్టే. ఏ తేడా లేకపోతే బొచ్చు వేడికి పోయింది, దాని సంగతి తర్వాత.

రెండు చలికాలాలు సబ్బు బిళ్లతో బోరు నీళ్లల్లో ఉతికిన పెద్దవాళ్ల జాకెట్ ఒకటి అనుకుందాం. వీపంతా గుత్తులు, చేతుల కొసలు అట్టలా ఉన్నాయి. ముందు జిప్పు వేసి, లోపలివైపు బయటికి తిప్పండి. ఎనిమిది లీటర్ల మామూలు నీళ్లల్లో రెండు లీటర్ల మరిగిన నీళ్లు కలిపితే దాదాపు 40 డిగ్రీల వేడి వస్తుంది, అంతకుమించి వద్దు. అందులో నాలుగు చిన్న చెంచాల నిమ్మ ఉప్పు, అంటే సుమారు 20 గ్రాములు, పూర్తిగా కరిగాకే జాకెట్ ముంచి అరగంట ఉంచండి. మధ్యలో రెండుమూడుసార్లు చేత్తో నొక్కి వదిలితే చాలు, రుద్దొద్దు, పిండొద్దు. పులుపు తెట్టులోని కాల్షియాన్ని లాగేస్తుంది, కొవ్వు భాగం మాత్రం పోగుల మీదే ఉంటుంది. చాలామంది ఇక్కడ ఆపేసి పని చేయలేదంటారు. ఆ నీళ్లు పారబోసి జాకెట్‌ను ఒకసారి కడిగి, మళ్లీ అంతే వేడి నీళ్లల్లో నాలుగు చెంచాల లిక్విడ్ డిటర్జెంట్ కలిపి పది నిమిషాలు నానబెట్టి నొక్కితే ఆ కొవ్వు వదులుతుంది. తర్వాత నురుగు పోయేదాకా జాడించండి. ఆఖరి బకెట్లో అర చెంచా నిమ్మ ఉప్పు వేస్తే ఆరేటప్పుడు మళ్లీ తెల్లపొర పట్టదు. వాన నీళ్లు పట్టి ఉంచుకుంటే అవి ఇంకా మేలు.

నిమ్మ ఉప్పు నానబెట్టే బకెట్లో బ్లీచింగ్ మాత్రం ఎప్పుడూ కలపొద్దు, విష వాయువు వస్తుంది. లోహపు జిప్పు ఉంటే అరగంట దాటనీయకండి.

నీడలో, గాలి తగిలేచోట వేలాడదీయండి. పాలిస్టర్ పోగు నీళ్లు పీల్చదు, కాబట్టి తొందరగా ఆరుతుంది. ఆరాక మెత్తటి బట్టల బ్రష్‌తో ఒకే దిక్కుకు మెల్లగా దువ్వండి. పాత తెట్టు ఎక్కువుంటే ఇదంతా ఇంకోసారి చేయాల్సి రావచ్చు. రెండోసారికీ కదలకపోతే మూడోసారి దండగ.

ఆ తర్వాత నుంచి లిక్విడ్ డిటర్జెంటే వాడండి, అదీ కొంచెమే. ఫ్లీస్‌ను టవళ్లు, జీన్స్ లేకుండా ఉతకండి. మెషీన్లో అయితే చల్లటి నీళ్లు లేదా 30 డిగ్రీలు, తక్కువ స్పిన్. చలికాలమంతా వేసుకున్నా మురికైనప్పుడే ఉతికితే చాలు, ప్రతి ఉతుకూ కొంత బొచ్చును తీసుకుపోతుంది.

మిగతావి అరుదు. బొచ్చు నున్నగా మెరుస్తూ ఒక చోటే అణిగిపోతే ఇస్త్రీ పెట్టె తగిలింది, అది తిరిగి లేవదు. గట్టి నల్ల అంచున్న చిన్న చిల్లులు చలిమంట నిప్పురవ్వలవి, వాటికి కుట్టే మందు. మంట దగ్గర ఫ్లీస్ కరిగి చర్మానికి అంటుకుంటుంది, దూరంగానే కూర్చోండి. తీసేటప్పుడు చిటపటలాడడం పొడి గాలికి వచ్చే కరెంటు, జాకెట్ లోపం కాదు.