ఫొటోలో కూరగాయల పరీక్ష – 3వ పాఠం: క్యాబేజీ, కాలీఫ్లవర్ అడుగు ఏం చెబుతుంది?

గత పాఠంలో పైనుంచి తీసిన ఫొటోలో క్యాబేజీ బిగువు, కాలీఫ్లవర్ పువ్వు ఒత్తుదనం చూడటం నేర్చుకున్నాం. ఈసారి రెండింటినీ బోర్లించి చూద్దాం. విజయవాడలో హోటళ్లకు, హాస్టల్ మెస్సులకు సరుకు కొనేవారిలో చాలామంది ఇప్పుడు తెల్లవారుజామున వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు చూసే బేరం ఖాయం చేస్తున్నారు. ఆ ఫొటోలు దాదాపు అన్నీ పైనుంచి తీసినవే. నల్ల కుళ్లు తెగులు, పువ్వు గోధుమ రంగుకు తిరగడం, లోపల దాగిన పురుగు, ఈ మూడింటి జాడలూ కాడ కోసిన చోట, దాని చుట్టూ ఉన్న ఆకుల మొదళ్లలో వెతకాలి. అడుగు ఫొటో చూడకుండా రేటు మాట్లాడకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

ముందు ఆ ఫొటో ఎలా అడగాలో చూద్దాం. కాడ చివర అర అంగుళం మందాన మళ్లీ కోసి, కోసిన వెంటనే తీయమనండి. పొలంలో కోసిన కాడకు గాలి తగిలి కొన్ని గంటల్లోనే పైభాగమంతా గోధుమ రంగుకు మారుతుంది. ఆ రంగును బట్టి తెగులు ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. ఫొటో నీడలో, ఫ్లాష్ లేకుండా తీయాలి. నీలం పట్టా కింద తీస్తే పసుపు తిరిగిన పువ్వు కూడా తెల్లగా కనిపిస్తుంది, పసుపు పట్టా కింద మంచి పువ్వు కూడా ముదిరినట్లు కనిపిస్తుంది. పక్కన ఒక తెల్ల కాగితం పెట్టించండి. ఫొటోలో కాగితమే పసుపుగానో నీలంగానో ఉంటే పువ్వు రంగును నమ్మవద్దు. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే చిన్న చుక్కలు చెదిరిపోతాయి కాబట్టి డాక్యుమెంట్‌గా పంపమనండి.

ఇప్పుడు నల్ల కుళ్లు సంగతి. ఇది బాక్టీరియా వల్ల వచ్చే తెగులు. విత్తనంతో వస్తుంది, వాన చినుకుల వల్ల మొక్క నుంచి మొక్కకు పాకుతుంది, వెచ్చగా తేమగా ఉన్న రోజుల్లో ఉధృతమవుతుంది. తెల్లవారుజామున క్యాబేజీ ఆకు అంచుల్లో నీటి బొట్లు నిలవడం చూసే ఉంటారు. ఆ బొట్లు వచ్చే సూక్ష్మ రంధ్రాల గుండానే బాక్టీరియా లోపలికి దిగుతుంది. అందుకే మచ్చ ఆకు మధ్యలో కాక అంచున మొదలవుతుంది. ఇంగ్లిషు ‘వి’ ఆకారంలో పసుపు మచ్చ ఏర్పడి, దాని మొన నడిమి ఈనె వైపు తిరిగి ఉంటుంది. ఆ పసుపులోని ఈనెలు నల్లబడతాయి. ముదిరి పండిన ఆకు కూడా పసుపుగానే ఉంటుంది గాని దాని ఈనెలు నల్లబడవు. ఆకు రంగు చూసి ఆగిపోకుండా ఫొటోను పెద్దది చేసి ఈనెలు చూడమనేది ఇందుకే.

ఈనెల వెంట దిగిన తెగులు కాడలోని నీటి నాళాలకు చేరుతుంది. ఆ నాళాలు కాడలో వలయంగా అమరి ఉంటాయి. కాబట్టి తాజా కోతలో తెగులు నల్లని చుక్కల వలయంగా కనిపిస్తుంది. పాత కోత రంగు మాత్రం కోసిన ముఖమంతా ఒకేలా పరుచుకుని ఉంటుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తాడేపల్లి వైపు నుంచి పది బస్తాల క్యాబేజీకి ఫొటోలు వచ్చాయనుకోండి. మొదటి ఫొటోలో క్యాబేజీలు నిగనిగలాడుతున్నాయి, పై ఆకులన్నీ తీసేశారు. ఇక్కడే ఒక ప్రశ్న వేసుకోవాలి. మచ్చలు ఉండేది ఆ పై ఆకుల మీదే కదా? శుభ్రత కోసమే తీసి ఉండవచ్చు, అందుకని రైతును అనుమానించనక్కర లేదు. పై ఆకులతో ఉన్న ఒక కాయ ఫొటో అడిగితే సరిపోతుంది. రెండోది అడుగు ఫొటో. కోత అంతా గోధుమ రంగులో ఉంది. దీన్ని లెక్కలోకి తీసుకోవద్దు, మళ్లీ కోయించండి. మూడో ఫొటోలో కొత్త కోత. మధ్య భాగం తెల్లగా ఉంది, కానీ చుట్టూ ఉన్న వలయంలో ఒక పక్క ఏడెనిమిది నల్ల చుక్కలు వరుసగా ఉన్నాయి. నాలుగో ఫొటోలో పై ఆకులతో ఉన్న కాయ. ఒక ఆకు అంచున పసుపు మచ్చ, దానిలో నల్ల ఈనెలు. ఈ రెండు జాడలూ కలిశాక ఇక అనుమానం లేదు.

అయితే ఒక కాయను బట్టి పది బస్తాలనూ తోసిపుచ్చకూడదు. వేర్వేరు బస్తాల అడుగు నుంచి మరో మూడు కాయలు తీయించి, నిలువునా రెండుగా కోయించండి. తెగులు ఉంటే కాడ నుంచి ఆకుల మొదళ్లలోకి సన్నని నల్ల గీతలు పాకి ఉంటాయి. మూడింటిలో ఒకదానిలో గీతలు కనిపించాయనుకుందాం. అప్పుడు నాలుగు రోజులు నిల్వ పెట్టడానికి ఈ సరుకు వద్దు. నల్ల కుళ్లు సోకిన చోట మెత్తని కుళ్లు త్వరగా దిగి, దుర్వాసన మొదలవుతుంది. ఆ వాసన ఫొటోలో తెలియదు. ఆ రోజే వండే మెస్సు అయితే, పాడైన భాగం తీసేస్తే ఎంత తూకం పోతుందో లెక్కగట్టి రేటు తగ్గించి తీసుకోవచ్చు. ఈ బాక్టీరియా మొక్కలకు సోకేది, మనుషులకు సోకేది కాదు.

కాలీఫ్లవర్ అడుగులో చూడవలసింది కాడ బోలుతనం. కాడ మధ్య బోలుగా ఉండి గోడలు తెల్లగా, పొడిగా ఉంటే మొక్క నత్రజని ఎక్కువై తొందరగా ఎదిగిందని అర్థం, పువ్వుకు ప్రమాదం లేదు. బోలు గోడలు గోధుమ రంగులో, నీరు పట్టినట్లు ఉంటే బోరాన్ లోపాన్ని అనుమానించాలి. అలాంటి పువ్వు పైన కూడా నీరు నానినట్లున్న మచ్చలు మొదలై గోధుమ రంగుకు తిరుగుతాయి. ఎండ తగిలిన పువ్వు అలా కాదు. ఆకు కప్పని వైపు మాత్రమే లేత పసుపు పరుచుకుంటుంది, కాడ బాగానే ఉంటుంది. రవాణాలో రాసుకున్న గోధుమ రంగు పువ్వులో ఎత్తుగా ఉన్న బుడిపెల మీదే ఉంటుంది, సందుల్లోకి దిగదు. ఎండ పసుపు, రాపిడి మచ్చ రెండూ రేటుకు సంబంధించినవి. బోరాన్ లోపపు మచ్చ మాత్రం లోపలి దాకా పోతుంది, రుచి చేదెక్కుతుంది. ఆ సరుకు నేనైతే కొనను.

ఇక పురుగు. పై ఆకుల మీద చిన్న చిన్న రంధ్రాలు, పల్చని పొరలా మిగిలిన కిటికీల వంటి మచ్చలు ఉంటే అది డైమండ్ రెక్కల పురుగు పని. ఆ ఆకులు తీసేస్తే చాలాసార్లు లోపల కాయ బాగుంటుంది. పొగాకు లద్దె పురుగు అలా వదలదు, లోపలికి తొలుచుకు పోతుంది. అడుగు ఫొటోలో ఆకుల మొదళ్ల సందులు పెద్దవి చేసి చూడండి. ముదురు ఆకుపచ్చ, గుండ్రటి, తడిగా అంటుకున్న చిన్న గుళికలు కనిపిస్తే అది పురుగు విసర్జన. మట్టి అయితే పొడిగా, ఆకారం లేకుండా ఉంటుంది. తేల్చుకోలేకపోతే అక్కడ నీళ్లు పోసి తుడిచి మళ్లీ ఫొటో తీయమనండి. మట్టి కొట్టుకుపోతుంది. రంధ్రం ఉంటే బయటపడుతుంది.

అభ్యాసం: ఈ వారం పటమట రైతుబజారులోనో గుంటూరులో మీ వీధి బండి దగ్గరో ఒక క్యాబేజీ, ఒక కాలీఫ్లవర్ కొనండి. కాడ కోయకముందు ఒక ఫొటో, కోసిన వెంటనే ఒకటి, మూడు గంటల తర్వాత ఒకటి తీయండి. మూడూ పక్కపక్కన పెట్టి కోత రంగు ఎలా మారిందో రాసుకోండి. తర్వాత రెండింటినీ నిలువునా కోసి, అడుగు చూసి మీరు వేసిన అంచనాతో పోల్చండి. నాలుగో పాఠంలో బస్తా మొత్తం నుంచి ఎన్ని కాయలు, ఎక్కడి నుంచి తీయించి ఫొటో అడగాలో చూద్దాం.