సంత నూనెతో మోకాలి నొప్పి తగ్గిందనే పెద్దమ్మకు ప్లాసిబో సంగతి ఎలా చెప్పాలి?

పొదిలి సంతలో కొన్న నూనె పది రోజులు రాసుకుని, "మెట్లెక్కుతున్నా గదరా, ఇంకేంది నీ అనుమానం?" అంటుంది పెద్దమ్మ. ఆ మాట ముందు ఒప్పుకోండి. "అంతా నీ భ్రమ" అన్నారంటే ఇక ఏం చెప్పినా వినదు. పైగా అది భ్రమ కాదు. 1978లో అమెరికాలో పన్ను పీకించుకున్నవాళ్లకు ప్లాసిబో, అంటే అసలు మందేమీ లేని ఉత్తుత్తి మందు, ఇచ్చారు. కొందరికి నొప్పి తగ్గింది. ఒంట్లో పుట్టే నొప్పి నివారక రసాయనాలను అడ్డుకునే నలోక్సోన్ ఇవ్వగానే వాళ్ల నొప్పి మళ్లీ పెరిగింది. అంటే ఉపశమనం నిజంగానే ఒంట్లో జరిగింది.

తర్వాత, నూనె ఎప్పుడు కొన్నావని అడగండి. పండగ పనులయ్యాక, కాలు కదపలేనప్పుడు కొని ఉంటుంది. కీళ్ల నొప్పి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. బాగా ముదిరిన రోజున కొంటాం కాబట్టి, ఏమీ రాయకపోయినా తర్వాతి వారం కాస్త తేలిగ్గానే ఉండేది. ఆ పేరు నూనెకు దక్కుతుంది.

అయినా నమ్మకపోతే వాదన ఆపి పరీక్ష పెట్టండి. ఒకేలాంటి రెండు సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో సంత నూనె, రెండోదాంట్లో కాస్త కర్పూరం కలిపిన నువ్వుల నూనె పోయండి. వాసనలో, రంగులో తేడా తెలిసిపోతే పరీక్ష దండగే. సీసాలు నింపి అ, ఆ అని రాసే మనిషి వేరు, మర్దన చేసే మనిషి వేరుగా ఉండాలి. నాలుగు అ చీటీలు, నాలుగు ఆ చీటీలు డబ్బాలో వేసి వారానికొకటి తీయండి. మర్దన రోజూ అంతే సేపు. రాత్రి పడుకునే ముందు నొప్పికి సున్నా నుంచి పది లోపు అంకె క్యాలెండర్ మీద వేయించండి. లెక్కలో ప్రతి వారం మొదటి రెండు రోజులు వదిలేయండి, పాత నూనె ప్రభావం మిగిలి ఉండొచ్చు.

ఎనిమిది వారాలయ్యాక రెండింటి సగటూ అయిదు దగ్గరే ఉందనుకోండి, సంత నూనెలో ప్రత్యేకత కనబడలేదన్నమాట. హాయి మర్దనదో, నమ్మకానిదో. రాసుకోవడం మానమనక్కర్లేదు, నువ్వుల నూనె చాలు. సంత నూనెకు మూడు, నువ్వుల నూనెకు ఆరు వచ్చి, చాలా వారాలు అదే వరుస ఉంటే పెద్దమ్మ మాటను పట్టించుకోవాల్సిందే. ఈ పరీక్ష పైపూతకే. మింగే పొడులతో వద్దు, స్టెరాయిడ్ కలిపి అమ్మినవి పట్టుబడ్డాయి.

ఆస్తమా దగ్గర మాత్రం మొహమాటం వద్దు. 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో ఉత్తుత్తి ఇన్‌హేలర్ పీల్చినవాళ్లు కూడా అసలు మందు తీసుకున్నవాళ్లంత హాయిగా ఉందనే చెప్పారు. ఊదించి కొలిస్తే అసలు మందుతో ఊపిరి 20 శాతం మెరుగైంది, ఉత్తుత్తిదానితో 7 శాతమే. ఏ మందూ ఇవ్వనప్పుడూ అంతే. అందుకే ఆయాసం తగ్గిందని తాతయ్య ఇన్‌హేలర్ పక్కన పెడితే, డాక్టరు దగ్గర ఊదించి చూశాకే ఒప్పుకోండి.