గంటకు ఎంత పడుతోంది? గుంటూరు నుంచి బెజవాడ వెళ్లొచ్చే ఉద్యోగి జీతం లెక్క

సమస్య

చేతికొచ్చే జీతం 28,000. గుంటూరు పట్టాభిపురంలో సొంత ఇల్లు, అద్దె బాధ లేదు. అయినా ఇరవయ్యో తారీఖుకల్లా జేబు ఖాళీ. ఆదివారం వస్తే నిద్ర తప్ప ఇంకో పని సాగదు. గుంటూరులోనే బ్రాడీపేటలో 22,000కి ఉద్యోగం ఉందంటే మాత్రం "ఆరు వేలు తగ్గించుకుని ఎవడు వెళ్తాడు బావా" అంటాడు.

ఇది మా బావమరిది కథ. బెజవాడ లబ్బీపేటలో ఒక డిస్ట్రిబ్యూటర్ దగ్గర అకౌంట్స్ చూస్తాడు. గంటకు ఎంత పడుతోందిరా అని అడిగితే ఫోన్‌లో టకటకా కొట్టి చూపించాడు: గ్రాస్ 30,000, నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటలు. గంటకు 144 రూపాయలు.

ఆ 144 అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఉన్న గంట. అతను బతుకుతున్న గంట వేరు.

కారణం ఎక్కడుందో పట్టుకోవడం

రెండు వారాలు రెండే టైములు రాసుకోమన్నాను: ఇంటి గుమ్మం దాటిన టైము, మళ్లీ లోపలికి అడుగుపెట్టిన టైము. ఆఫీసులో వేలిముద్ర పెట్టే టైము రాస్తే లాభం లేదు, ప్రయాణం అందులో కనబడదు. ఉదయం 7:45కి బయల్దేరుతున్నాడు, రాత్రి 9:55కి ఇల్లు చేరుతున్నాడు. అంటే 14 గంటల 10 నిమిషాలు.

సెలవులు, పండగలు తీసేస్తే నెలకు సగటున 24 రోజులు. అంటే 340 గంటలు. నెలలో ఒక ఆదివారం కూడా పిలుస్తారు కాబట్టి ఇంకో 8. మొత్తం 348.

భోజనం గంట కూడా లెక్కలోకేనా అని అడిగాడు. లబ్బీపేటలో తినే గంటలో గుంటూరు వచ్చి పిల్లను బడి నుంచి తీసుకురాలేడుగా, కాబట్టి లెక్కలోకే. బస్సులో కునుకు తీసినా అంతే.

ఇక డబ్బు వైపు. గ్రాస్‌లో పీఎఫ్ 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోగా చేతికి 28,000. ఈ ఉద్యోగం లేకపోతే ఉండని ఖర్చులు ఇందులోంచి తీసేయాలి. బస్సుకి, అటూ ఇటూ ఆటోలకి కలిపి రోజుకు 180, సాయంత్రం టీ, పునుగులు 60. 24 రోజులకు 5,760. మిగిలేది 22,240.

```
22,240 ÷ 348 = 63.9
```

గంటకు 64 రూపాయలు. కాగితం చూసి కాసేపు మాట్లాడలేదు.

అయితే ఈ ఒక్క అంకెతో రెండు ఉద్యోగాల్ని పోల్చకూడదు. పీఎఫ్‌కి పోయే 1,800 ఖర్చు కాదు, దాచుకున్న డబ్బే. యజమాని కట్టే ఇంకో 1,800 కూడా అతనిదే, అందులో 1,250 పెన్షన్ ఖాతాకి వెళ్తుంది. బ్రాడీపేట షాపులో ఉన్నది పన్నెండు మంది. ఇరవై మంది లేని చోట పీఎఫ్ తప్పనిసరి కాదు, అక్కడ కట్టడం లేదు. కాబట్టి లబ్బీపేట వైపు 3,600 కలపాలి: 25,840, గంటకు 74.

బ్రాడీపేటలో ఉదయం 9:15కి బండి మీద బయల్దేరి రాత్రి 7:30కి ఇల్లు. మధ్యాహ్నం ఇంటికొచ్చి తిని కాసేపు నడుం వాల్చొచ్చు, ఆ ముప్పావు గంట అతనిదే. అంటే రోజుకు తొమ్మిదిన్నర, నెలకు 228 గంటలు. పెట్రోలు, బండి రిపేర్లకి వెయ్యి తీస్తే 21,000. గంటకు 92.

అసలు చూడాల్సింది ఈ రెండింటి మధ్య తేడా. లబ్బీపేట ఉద్యోగం నెలకు 4,840 ఎక్కువ ఇస్తోంది, దానికి 120 గంటలు ఎక్కువ తీసుకుంటోంది. అంటే ఆ అదనపు గంట ఒక్కొక్కటి 40 రూపాయలకు అమ్ముతున్నాడు. "ఆరు వేలు తగ్గుతుంది" అని భయపడ్డ ఆరు వేల వెనక ఉన్న రేటు అది.

పరిష్కారాలు, చూసిన వరుసలో

*బెజవాడలో ఇల్లు తీసుకోవడం.* అందరూ మొదట చెప్పేది ఇదే. ప్రయాణం నెలకు 80 గంటలు తింటోంది, ఆఫీసు దగ్గర ఉంటే 12కి దిగుతుంది. కానీ అతను చూసిన పోర్షన్ అద్దె 10,000. బస్సు, ఆటో ఖర్చు 4,320 మిగిలినా నెలకు 5,680 అదనం. 68 గంటల కోసం అంత పెడితే గంటకు 83 పెట్టి కొన్నట్టు. 64 సంపాదించేవాడు 83కి కొనడం కష్టం. గుంటూరు ఇల్లు అద్దెకిస్తే లెక్క తిరగబడుతుంది గానీ, అందులో అత్తయ్య, మావయ్య ఉన్నారు. అద్దె ఇంట్లోనే ఉండే కుర్రాడికైతే నేను మొదట ఇదే చెప్పేవాణ్ని.

*టైముకి బయటపడటం.* ఆఫీసు అయిపోయేది 6:30కి, అతను లేచేది 8:15కి. నెలకు 42 గంటలు. అవి మానేస్తే 22,240ని 306తో భాగించాలి, గంటకు 73 దాకా వస్తుంది. గంటలు తగ్గకుండా అదే రేటు రావాలంటే జీతం సుమారు 3,050 పెరగాలి. ఏ ఓనర్ ఒక్కసారి అంత పెంచుతాడు?

ఎందుకు లేటవుతోందో రాసుకుంటే విషయం తేలింది. 11న జీఎస్టీఆర్-1, 20న 3బి అనే జీఎస్టీ రిటర్నులు వేయాలి కాబట్టి ఆ ముందు రోజుల్లో పని నిజంగానే ఉంది. మిగతా రోజుల్లో పని లేదు. ఓనర్ 7 గంటలకు గోడౌన్ నుంచి వచ్చి "ఇవాళ కలెక్షన్ ఎంత, ఎవరు బాకీ" అని అడుగుతాడు, దానికోసం కూర్చోవడమే. సాయంత్రం 6కల్లా ఆ రెండు లిస్టులూ వాట్సాప్‌లో పంపి లేవమన్నాను. మొదటి వారం ఫోన్లు వచ్చాయి, తర్వాత తగ్గాయి. ఫోన్లు తగ్గకపోతే గనక ఆ నిమిషాలు కూడా లెక్కలో వేసుకోవాలి, బస్సులో ఉన్నా సరే.

*ఓవర్‌టైం అడగడం.* ఆంధ్రప్రదేశ్‌లో 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం పరిమితి దాటి చేసిన పనికి మామూలు వేతనానికి రెట్టింపు ఇవ్వాలి. వారానికి పరిమితి 48 గంటలు, ఇతను చేస్తున్నది యాభై ఎనిమిదిన్నర. మేనేజర్ హోదాలో ఉన్నవాళ్లకు ఈ హక్కు ఉండదు, ఇద్దరే ఉన్న సెక్షన్‌లో కూడా ఒకరిని మేనేజర్ అని రాయడానికి అదొక కారణం. ఉద్యోగంలో ఉంటూ ఈ మాట ఎత్తేవాళ్లు తక్కువ. అయినా టైములు రాసిన నోటుబుక్ పారేయొద్దన్నాను.

*ఉద్యోగం మారడం.* లెక్క బ్రాడీపేట వైపే ఉంది. కానీ గంట రేటు ఎంత బాగున్నా నెలాఖరుకి కట్టాల్సినవి రూపాయల్లోనే కట్టాలి. అతనికి బండి ఈఎంఐ, పిల్ల ఫీజు, ఇంటి ఖర్చు కలిపి 20,500. లబ్బీపేటలో చేతిలో నికరంగా ఉండేది 22,240, బ్రాడీపేటలో 21,000. సరిపోతుంది గానీ, ఒక్క జ్వరం వస్తే సరిపోదు. పైగా పీఎఫ్ పోతుంది. అందుకే పీఎఫ్ బదులు రెండు వేలు ఎక్కువ అడగమన్నాను. పదిహేను వందలకి ఒప్పుకున్నారు.

ఈ నెల మొదటి తారీఖున చేరాడు. మొన్న మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్తే కంచం ముందు కూర్చుని ఉన్నాడు, పిల్ల పక్కన కూర్చుని బళ్లో జరిగింది చెబుతోంది. నోటుబుక్ ఫ్రిజ్ మీద ఉంది. తెరిచి చూస్తే ఇంకా రాస్తూనే ఉన్నాడు. మూడు రోజులు 7:30 బదులు 7:50 పడింది.