‘కానిది ఏది?’ ప్రశ్నలో పొరపడకుండా జవాబు గుర్తించడం ఎలా?

గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పేపర్లు రాసి వచ్చి కీ చూసుకున్నాక ‘అయ్యో, ఇది నాకు తెలుసు కదా’ అని తల పట్టుకునే ప్రశ్నల్లో చాలావరకు ఒకే రకానివి. సబ్జెక్టు వచ్చు, జవాబు వచ్చు, కానీ అడిగింది ‘కానిది’, పెట్టింది ‘అయినది’. ఇది చదువులో లోపం కాదు, చదివే తీరులో లోపం. దీన్ని సరిచేయవచ్చు.

కావలసింది ఒక బాల్ పెన్ను, ప్రశ్నపత్రం. ఆన్‌లైన్ పరీక్ష అయితే పెన్నుతో పాటు వాళ్లిచ్చే రఫ్ కాగితం. పెన్సిల్ వద్దు, దాని గీత హడావుడిలో కంటికి ఆనదు. గుర్తులన్నీ ప్రశ్నపత్రం మీదే పెట్టాలి, ఓఎంఆర్ మీద గడి నింపడం తప్ప మరే గీతా పడకూడదు.

మొదటి పని, ప్రశ్న చివర్లో అడిగింది ‘అయినదా’, ‘కానిదా’ అని చెప్పే మాటకు సున్నా చుట్టడం; దాని తర్వాత వచ్చే ‘ఎవరు’, ‘గుర్తించండి’ లాంటివి లెక్కలోకి రావు. ఏ ప్రశ్నకైనా చుట్టాల్సిందే, ‘కానిది’ అని ఉన్నవాటికే అనుకోవద్దు. ఏది అలాంటిదో ముందే తెలిస్తే ఈ తిప్పలే ఉండవు.

అందరూ బోల్తా పడేది ఇక్కడే, అందుకే దీని గురించి కాస్త నిదానంగా చెప్పాలి. ఇంగ్లిష్ ప్రశ్నలో ‘నాట్’, ‘ఎక్సెప్ట్’ విడి మాటలు. చాలా పేపర్లలో వాటిని పెద్ద అక్షరాల్లోనో, లావుగానో అచ్చు వేస్తారు. తెలుగులో ‘కాదు’ అనే అర్థం విడి మాటగా రావాలని లేదు. క్రియలోనే కలిసిపోతుంది, అదీ వాక్యం చివర్లో. ‘చెందిన’, ‘చెందని’ అనే రెండు మాటలను పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాంట్లో గుడి ‘ద’ మీద ఉంది, రెండోదాంట్లో ‘న’ మీద ఉంది. తేడా అంతే. పొందిన, పొందని అయినా ఇదే కథ. కన్ను మాట మొత్తాన్ని ఒక బొమ్మలా పట్టుకుంటుంది కాబట్టి వేగంగా చదివేవాళ్లకు రెండూ ఒకటే. ‘సరైనది’, ‘సరికానిది’ కూడా ఒకేలా మొదలై ఒకేలా ముగుస్తాయి.

ఇంకో చిక్కు ‘తప్ప’తో వస్తుంది. ‘కింది వాటిలో ఒకటి తప్ప మిగిలినవన్నీ కృష్ణా ఉపనదులు’ అన్నప్పుడు ఆ మాట వాక్యం మధ్యలో ఉంటుంది, చివరి మాట మీద సున్నా చుట్టినా అది దొరకదు. కాబట్టి చివరి మాట చుట్టాక వెనక్కి ఒక్కసారి చూపు తిప్పి ‘తప్ప’, ‘మినహా’, ‘కాకుండా’ ఉన్నాయేమో చూడాలి. ‘కాని’ కనిపించగానే కూడా కంగారు పడొద్దు. ‘మూసీ హైదరాబాద్ మీదుగా వస్తుంది కాని...’ అన్నచోట అది ‘అయితే’ అనే అర్థంలో వచ్చింది, అక్కడ సున్నా అక్కర్లేదు.

రెండో పని, ప్రశ్నలోని ‘కాదు’ను తీసేసి చిన్న ప్రశ్నగా మార్చుకుని, ఒక్కో ఆప్షన్‌ను విడిగా అడగడం. జవాబు అవునైతే పక్కన ‘అ’, కాదైతే ‘కా’ రాయాలి. ఈ దశలో అసలు ప్రశ్న ఏం అడిగిందో పట్టించుకోకూడదు.

ఉదాహరణకు: ‘కింది వారిలో ఉమ్మడి నల్లగొండ జిల్లాకు చెందని వారు ఎవరు? 1) రావి నారాయణరెడ్డి 2) మల్లు స్వరాజ్యం 3) సురవరం ప్రతాపరెడ్డి 4) ఆరుట్ల కమలాదేవి.’

మన ప్రాంతపు అభ్యర్థికి ఇది నీళ్లు తాగినంత సులువు. అసలు ప్రమాదమే అది. ‘నల్లగొండ’ అని చదవగానే, మొదటి ఆప్షన్‌లో రావి నారాయణరెడ్డి కనబడగానే చెయ్యి ఒకటో గడి మీదికి పోతుంది. రెండో ఆప్షన్ దాకా కూడా కన్ను పోదు. ప్రశ్న తయారుచేసేవాళ్లకు ఈ సంగతి తెలుసు కాబట్టే అందరికీ తెలిసిన పేరును ముందు పెడతారు.

పద్ధతి ప్రకారం చేస్తే: ‘చెందని’కి సున్నా. చిన్న ప్రశ్న ‘నల్లగొండ వాళ్లా?’ రావి నారాయణరెడ్డిది బొల్లేపల్లి, అ. మల్లు స్వరాజ్యం, అ. సురవరం ప్రతాపరెడ్డిది పాలమూరు వైపు, కా. ఆరుట్ల కమలాదేవి, అ. ఇప్పుడు సున్నా దగ్గరికి తిరిగి వస్తే, అడిగింది ‘కా’, అది ఒక్కటే ఉంది, జవాబు 3.

గుర్తులను లెక్కపెడితే తనిఖీ కూడా అయిపోతుంది. ‘కానిది’ ప్రశ్నకు మూడు ‘అ’, ఒక ‘కా’ రావాలి. మామూలు ప్రశ్నకు ఒక ‘అ’, మూడు ‘కా’. మామూలు ప్రశ్న అనుకుని చేస్తుంటే మూడు ‘అ’ వచ్చాయంటే మీకు తెలిసింది తప్పని కాదు, ప్రశ్నను తప్పు చదివారని. వెనక్కి వెళ్లి గుడి ఎక్కడ ఉందో చూడండి.

కోచింగుల్లో ఎక్కువగా నేర్పేది తప్పు ఆప్షన్లు కొట్టేసుకుంటూ పోయే పద్ధతి. మామూలు ప్రశ్నకు అది బాగానే ఉంటుంది. ‘కానిది’ ప్రశ్నలో మాత్రం కొట్టేయాల్సింది నిజాలను. యాభై ప్రశ్నలు అబద్ధాలు కొట్టేసిన చెయ్యి యాభై ఒకటో ప్రశ్నలో నిజాలు కొట్టమంటే వినదు, సగంలో తారుమారు చేస్తుంది. ‘అ’, ‘కా’ పద్ధతిలో చెయ్యి ఎప్పుడూ ఒకే పని చేస్తుంది, తిప్పడం చివర్లో ఒక్కసారే.

వాక్యాల ప్రశ్నల్లో ఇది ఇంకా ముదురుతుంది. ‘నాగార్జునసాగర్‌కు సంబంధించి సరికాని వాక్యాలను గుర్తించండి. ఎ. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. బి. కృష్ణా నదిపై నిర్మించారు. సి. ఎడమ కాలువను జవహర్ కాలువ అంటారు. డి. ఇది శ్రీశైలం ప్రాజెక్టుకు ఎగువన ఉంది.’ ఆప్షన్లు: 1) ఎ, బి 2) సి, డి 3) ఎ, సి 4) బి, డి.

ఎ, బి నిజం. జవహర్ కాలువ కుడిది, ఎడమది లాల్ బహదూర్ కాలువ, కాబట్టి సి కా. సాగర్ శ్రీశైలానికి దిగువన ఉంది, కాబట్టి డి కూడా కా. జవాబు 2. అయితే మొదటి ఆప్షన్‌ను చూడండి, నిజమైన వాక్యాలు రెండూ అక్కడ జతగా ఎదురుచూస్తున్నాయి. నాలుగు వాక్యాలు చదివి, కాలువ పేర్లు గుర్తు చేసుకుని ఆప్షన్ల దగ్గరికి వచ్చేసరికి పైన ‘సరికాని’ ఉందన్న సంగతి మరుపున పడుతుంది. అందుకే ఇలాంటి ప్రశ్నలో సున్నా ఒక్కటే చాలదు. ఆప్షన్లు మొదలయ్యే చోట ‘కా వెతుకు’ అని రాసి తీరాలి. ఆన్‌లైన్‌లో అయితే రఫ్ కాగితం మీద ప్రశ్న నంబరు, దాని పక్కన ‘కా’.

సమయం సరిపోదేమోనని భయం ఉంటుంది. గ్రూప్-2లో ఒక్కో పేపర్‌కు 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు, అంటే ప్రశ్నకు నిమిషం. మామూలు ప్రశ్నలో ఒక్క నిజం తెలిస్తే చాలు, ‘కానిది’ ప్రశ్నలో మూడు నిజాలు తెలియాలి, లేదా ఆ ఒక్క అబద్ధం కచ్చితంగా తెలియాలి. కాబట్టి దీనికి ఎక్కువ సమయం పట్టడం సహజం, దానిమీద పిసినారితనం వద్దు. మూడింటికి గట్టిగా ‘అ’ పడితే నాలుగోదాని పేరు ఎన్నడూ విని ఉండకపోయినా అదే జవాబు.

అలవాటు చేసుకోవడానికి పాత పేపర్ ఒకటి తీసుకుని పది నిమిషాలు పెట్టుకోండి. ఒక్క జవాబూ రాయకుండా చివరి మాటలకు, మధ్యలో ఉన్న ‘తప్ప’, ‘మినహా’లకు మాత్రమే సున్నాలు చుట్టుకుంటూ పోండి. తర్వాత నిదానంగా మళ్లీ చదివి వదిలేసినవి ఏరండి. అవి ‘చెందని’ లాంటివా, ‘తప్ప’ లాంటివా అన్నది చూసి, మరుసటి రోజు పేపర్‌లో ముందు ఆ రకాన్నే వెతకండి.